మూడు రెట్లు వచ్చింది, చేతికి రాలేదు

మంగళగిరిలో చేనేత చీరలు అమ్మే ఒక చిన్న దుకాణం ఉందనుకుందాం. కల్పితమే అయినా ఇలాంటి దుకాణం చాలా ఊళ్ళలో కనిపిస్తుంది. యజమానురాలికి మగ్గాల వాళ్ళతో ఇరవై ఏళ్ళ పరిచయం ఉంది. నిజాం అంచు చీర చేత్తో పట్టుకుని నూలు ఏ కౌంటుదో చెప్పగలరు. ఇన్‌స్టాగ్రామ్ పేజీలో 1,800 మంది ఫాలోయర్లు ఉన్నారు. కొన్నాళ్ళు కొడుకు ఫొటోలు పెట్టేవాడు, ఉద్యోగానికి వెళ్ళాక ఆ పని ఆగిపోయింది. ఇప్పుడు ఆ పని బయటివాళ్ళకు అప్పగించాలనుకున్నారు. అడిగిందే తడవుగా మూడు ఆఫర్లు వచ్చాయి.

మొదటిది హైదరాబాద్‌లోని ఒక ఏజెన్సీ. "మేడమ్, నెలకు 25 వేలు. ప్రకటనల ఖర్చు కూడా అందులోనే. మూడు నెలల్లో పదివేల ఫాలోయర్లు గ్యారంటీ" అన్నారు. రెండోది తెలిసినవాళ్ళు చెప్పిన కుర్రాడు. నెలకు 12 రీళ్ళు, 8 వేలు. "పాస్‌వర్డ్ వాట్సాప్ చేయండి ఆంటీ, ఇవాళే మొదలుపెట్టేస్తా" అన్నాడు. మూడోది విజయవాడలో సొంతంగా పనిచేసుకునే ఒక అమ్మాయి. ధర చెప్పకుండా ముందు ప్రశ్నలు వేసింది. ఒక చీర మీద మీకు ఎంత మిగులుతుంది? ఒకే డిజైన్‌లో ఎన్ని పీసులు ఉంటాయి? వాట్సాప్‌లో ఎవరు జవాబిస్తారు, రాత్రి పదింటికి కూడా ఇస్తారా? క్యాష్ ఆన్ డెలివరీ ఉందా? అవన్నీ విన్నాక నెలకు 15 వేలు తన ఫీజు, ప్రకటనల డబ్బు విడిగా దుకాణం కార్డు నుంచే మెటాకు కట్టాలి అంది. అమ్మకాలు ఎన్ని వస్తాయని అడిగితే, మొదటి నెల అయ్యేదాకా చెప్పలేను అంది.

వినగానే మొదటి ఆఫర్ గట్టిదనిపిస్తుంది, మూడోది బలహీనంగా అనిపిస్తుంది. ఒక్కొక్కటీ విప్పి చూస్తే సంగతి వేరు.

ముందు ఆ పదివేల ఫాలోయర్ల గ్యారంటీ. ఒక చీర నచ్చి, పేజీ నచ్చి, ఎవరో ఒకరు తనంతట తాను ఫాలో అవ్వాలి. ఎంతమంది అలా అవుతారో ముందే అంకె వేసి చెప్పడం ఎవరి వల్లా కాదు. అంకె గ్యారంటీగా చెప్పగలిగే దారి ఒక్కటే, కొనడం. ఆ సంత ఎంత పెద్దదో 2018 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పరిశోధన బయటపెట్టింది. డెవుమీ అనే అమెరికన్ కంపెనీ 20 కోట్లకు పైగా ట్విటర్ ఫాలోయర్లను కస్టమర్లకు సరఫరా చేసిందని, అందుకు వాడినవి ఆటోమేటెడ్ ఖాతాలని ఆ పత్రిక రాసింది. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద చర్య తీసుకుంది. కొన్నవాళ్ళలో సినిమావాళ్ళు, ఆటగాళ్ళే కాదు, మార్కెటింగ్, పీఆర్ సంస్థలు కూడా ఉన్నాయని కమిషన్ చెప్పింది. మన దగ్గర 2020 జులైలో ముంబై పోలీసులు ఇలాంటి నకిలీ ఫాలోయర్ల ముఠా మీద కేసు పెట్టి విచారించారు. 2024 ఆగస్టులో అమెరికా కమిషన్ తెచ్చిన నిబంధన నకిలీ రివ్యూలతో పాటు నకిలీ ఫాలోయర్లను, వ్యూస్‌ను వ్యాపారం కోసం కొనడం, అమ్మడం కూడా నిషేధించింది.

కొనకుండానే పనికిరాని ఫాలోయర్లు వచ్చే దారి ఇంకోటి ఉంది. 2012లో బీబీసీ టెక్నాలజీ విలేకరి రోరీ కెలన్-జోన్స్ ఒక ప్రయోగం చేశారు. 'వర్చువల్ బేగెల్' పేరుతో ఫేస్‌బుక్ పేజీ తెరిచారు. బేగెల్ అంటే గుండ్రటి రొట్టె. ఆ పేజీలో అమ్మడానికి ఏమీ లేదు. ఫేస్‌బుక్‌కే కొద్దిపాటి డబ్బు కట్టి అనేక దేశాల్లో ప్రకటన ఇచ్చారు. వేలల్లో లైకులు వచ్చాయి. చూస్తే చాలా భాగం ఈజిప్టు, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చినవి. బ్రిటన్, అమెరికాల నుంచి ఆసక్తి దాదాపు లేదు. లైకు ఎక్కడ చవకో ప్రకటన అక్కడికి వెళ్ళిందన్నమాట. ఏజెన్సీ 'ఫాలోయర్లు' అనే లక్ష్యంతో, ఊరు, భాష, వయసు సరిగ్గా బిగించకుండా ప్రకటన నడిపితే ఇవాళా జరిగేది అదే. నియమాల ప్రకారం తప్పేమీ లేదు, చీర కొనేవాళ్ళూ ఉండరు.

అది పట్టుకోవడం కష్టమేం కాదు. ఏజెన్సీ గొప్పగా చూపించే పాత కస్టమర్ పేజీ తెరిచి, ఈ మధ్య పెట్టిన పది పోస్టులు చూడాలి. నలభై వేల ఫాలోయర్లున్న చోట పోస్టుకు ముప్పై లైకులు, వాటి కింద 'నైస్', 'సూపర్' తప్ప ధర అడిగే కామెంటు ఒక్కటీ లేకపోతే అనుమానించాలి. నిజంగా కొనేవాళ్ళున్న పేజీలో కామెంట్లు గజిబిజిగా ఉంటాయి. "బ్లౌజ్ పీస్ వస్తుందా అండి", "ఆరంజ్‌లో ఉందా", "పోయినసారి పార్సిల్ లేటయింది" లాంటివి. ఫిర్యాదులు కూడా మంచి గుర్తే. అవి రాసేవాళ్ళు మనుషులు, డబ్బు పెట్టి కొన్నవాళ్ళు. సొంత పేజీ విషయంలో ఇన్‌సైట్స్‌లో ఫాలోయర్లు ఏ ఊళ్ళవాళ్ళో కనిపిస్తుంది. మంగళగిరి చీరల దుకాణానికి హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, బెంగళూరు, ఆ తర్వాత తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే అమెరికా ఊళ్ళు పైన ఉండాలి. వాటి బదులు ఊరూపేరూ తెలియని దూరదేశపు పట్టణాలు పైకి వస్తే, పెరిగిన అంకె ఎవరిదో అర్థమవుతుంది.

'వ్యూస్' సంగతీ ఇంతే. "మా రీల్‌కు 3 లక్షల వ్యూస్" అన్నప్పుడు, రీల్ ఆడటం మొదలైతే అది ఒక వ్యూ అని, అదే మనిషి మళ్ళీ చూస్తే మరో వ్యూ అని గుర్తుపెట్టుకోవాలి. కంపెనీలు చెప్పే సగటులు కూడా కళ్ళు మూసుకుని నమ్మేవి కావు. వీడియోలను జనం సగటున ఎంతసేపు చూస్తున్నారో లెక్కించేటప్పుడు మూడు సెకన్ల కంటే తక్కువ చూసినవాళ్ళను పక్కన పెట్టామని 2016 సెప్టెంబరులో ఫేస్‌బుక్ స్వయంగా ఒప్పుకుంది. దాంతో ఆ సగటు రెండేళ్ళపాటు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించింది. ప్రకటనలిచ్చినవాళ్ళు కోర్టుకెళ్ళారు. చివరికి 4 కోట్ల డాలర్లతో రాజీ కుదిరింది.

మొదటి ఆఫర్‌లో ఇంకో చిక్కు ఉంది, అది గ్యారంటీ కన్నా లోతైనది. ఫీజు, ప్రకటనల ఖర్చు కలిపి 25 వేలు అంటున్నారు. అందులో మెటాకు ఎంత వెళ్ళిందో దుకాణదారుకు తెలిసే దారి లేదు. ప్రకటనలకు 15 వేలు పెట్టవచ్చు, 3 వేలూ పెట్టవచ్చు. తక్కువ పెట్టినకొద్దీ ఏజెన్సీకి ఎక్కువ మిగులుతుంది. అంటే ఇద్దరి లాభాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. నిజాయతీపరులైన ఏజెన్సీలు కూడా ఇలాంటి ప్యాకేజీలు అమ్ముతాయి, చిన్న దుకాణాలకు ఒకే అంకె చెప్పడం తేలిక కాబట్టి. అప్పుడు అడగాల్సిన మాట ఒక్కటే: "ప్రకటనల డబ్బు మా కార్డు నుంచి నేరుగా కట్టుకుంటాం, మీ ఫీజు విడిగా చెప్పండి." దానికి సరేనంటే మాట్లాడవచ్చు. వద్దని సాకులు చెబితే అక్కడితో ఆపేయడం మంచిది. నేరుగా కడితే మెటా బిల్లు దుకాణం పేరు మీదే వస్తుంది, ప్రతి రూపాయి బిల్లింగ్ పేజీలో కనిపిస్తుంది. జీఎస్టీ నంబరు ఉన్నవాళ్ళు ఆ బిల్లు మీద పన్ను క్రెడిట్ కూడా అడగవచ్చు.

ఇక పాస్‌వర్డ్ అడిగిన కుర్రాడు. అతను దొంగ కాకపోవచ్చు. చాలామంది కుర్రాళ్ళు పని అలాగే నేర్చుకున్నారు. కానీ పాస్‌వర్డ్ ఇచ్చేసిన తర్వాత పేజీకి కట్టిన ఈమెయిల్, ఫోన్ నంబరు మార్చడం రెండు నిమిషాల పని. రేపు ఇద్దరికీ మాటపట్టింపు వస్తే, ఏళ్ళ తరబడి కట్టుకున్న పేజీ దుకాణదారు చేతిలో ఉండదు. మెటా ఇందుకు వేరే పద్ధతి పెట్టింది. దుకాణదారు తన పేరున బిజినెస్ పోర్ట్‌ఫోలియో ఒకటి తెరవాలి, ఇదివరకు దాన్నే బిజినెస్ మేనేజర్ అనేవాళ్ళు. ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, ప్రకటనల ఖాతా మూడూ అందులో ఉండాలి. బయటివాళ్ళకు People లేదా Partners అనే చోటు నుంచి పోస్టు పెట్టడానికి, ప్రకటన నడపడానికి, లెక్కలు చూడటానికి ఎంత అవసరమో అంతే అనుమతి ఇవ్వాలి. పూర్తి అధికారం మాత్రం యజమాని దగ్గరే ఉంచుకోవాలి. ఇది తెలిసిన ఫ్రీలాన్సర్ అయితే పాస్‌వర్డ్ ఇస్తామన్నా వద్దంటాడు. "మీ పోర్ట్‌ఫోలియోలో నన్ను చేర్చండి" అనేవాడికి పని తెలుసు.

ప్రకటనల ఖాతా ఎవరి పేరున ఉందన్నది చాలామంది అడగడం మర్చిపోయే ప్రశ్న. తర్వాత బాధపడేది కూడా దీని గురించే. చాలా ఏజెన్సీలు తమ సొంత ప్రకటనల ఖాతా నుంచే కస్టమర్ల ప్రకటనలు నడుపుతాయి. సెటప్ తొందరగా అయిపోతుంది, అందుకని. ఏడాది తర్వాత విడిపోతే ఏ ప్రకటనకు ఎంత స్పందన వచ్చింది, ఏ వయసువాళ్ళు కొన్నారు అన్న చరిత్రంతా వాళ్ళ ఖాతాలోనే ఉండిపోతుంది. దాన్ని ఇంకో ఖాతాలోకి మార్చుకునే వీలు లేదు. కొత్తగా వచ్చినవాడు మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఏడాదిపాటు డబ్బు పెట్టి నేర్చుకున్నది ఏజెన్సీకి ఆస్తిగా మిగులుతుంది.

ముగ్గురి గురించీ బయటి నుంచి ఎంతవరకు తెలుసుకోవచ్చు? అనుకున్నదానికంటే ఎక్కువే. మెటా తన ప్రకటనల లైబ్రరీని అందరికీ తెరిచి పెట్టింది, ఖాతా కూడా అక్కర్లేదు. facebook.com/ads/library లోకి వెళ్ళి ఏజెన్సీ చెప్పిన కస్టమర్ పేజీ పేరు కొడితే, ఆ పేజీ ప్రస్తుతం నడుపుతున్న ప్రకటనలన్నీ కనిపిస్తాయి, ఏ తేదీన మొదలయ్యాయో కూడా. "వాళ్ళకు రెండేళ్ళుగా ప్రకటనలు మేమే చూస్తున్నాం" అన్న పేజీకి లైబ్రరీలో ఒక్క ప్రకటనా లేకపోతే, ఎందుకని అడగాలి. సీజన్ కాదని చెప్పవచ్చు, ఆ జవాబు సరిపోతుందో లేదో వినేవాళ్ళకే తెలుస్తుంది. ఒకే ప్రకటన నెలల తరబడి నడుస్తుంటే బహుశా దానికి ఫలితం ఉంది, లేకపోతే ఎవరూ డబ్బు పోస్తూ ఉండరు. అయితే లైబ్రరీ మామూలు వ్యాపార ప్రకటనలకు ఎంత ఖర్చయిందో, ఎన్ని అమ్మకాలు వచ్చాయో చెప్పదు. అది కస్టమర్‌కే తెలుసు.

కాబట్టి కస్టమర్‌కే ఫోన్ చేయాలి. ఏజెన్సీ ఇచ్చిన రెండు నంబర్లతో పాటు, వాళ్ళను వదిలి వెళ్ళిపోయిన ఒక పాత కస్టమర్ నంబరు కూడా అడగాలి. అలా అడిగితే తడుముకునేవాళ్ళుంటారు. ధైర్యంగా ఇచ్చేవాళ్ళూ ఉంటారు. ఆ పాత కస్టమర్‌ను అడగాల్సింది ఫలితాల గురించి మాత్రమే కాదు. విడిపోయాక పేజీ, ప్రకటనల ఖాతా, వీడియోల ఒరిజినల్ ఫైళ్ళు తిరిగి ఇచ్చారా అన్నది ముఖ్యం. ఒకళ్ళ గుణం తెలిసేది ఒప్పందం ముగిసిన రోజునే.

స్క్రీన్‌షాట్ల సంగతి. వాట్సాప్‌లో వచ్చే 'రిజల్ట్' బొమ్మలను రుజువుగా తీసుకోకూడదు. బ్రౌజర్‌లో కనిపించే అంకెలను మార్చి ఫొటో తీయడం బడిపిల్లలకు కూడా వచ్చిన విద్య. బొమ్మ నిజమైనదే అయినా, పండక్కి బాగా నడిచిన ఒక్క వారాన్ని కత్తిరించి చూపించి ఉండవచ్చు. వీడియో కాల్‌లో యాడ్స్ మేనేజర్ తెరిచి, తేదీలను ఏడాది మొత్తానికి మార్చి చూపించమనవచ్చు. కానీ అందులో ఒక మెలిక ఉంది. అది వేరొకరి వ్యాపార రహస్యం. "ఆ కస్టమర్‌ను అడిగి చూపిస్తా" అన్నవాళ్ళను, అడగ్గానే ఎవరి ఖాతానో తెరిచి చూపించేవాళ్ళకంటే ఎక్కువ నమ్మాలి. రేపు ఈ దుకాణం లెక్కలు కూడా పక్క దుకాణం వాళ్ళకు చూపించరని దానివల్ల తెలుస్తుంది.

ఇక అసలు లెక్క. మూడో ఆఫర్‌ను తీసుకుని ఒక నెల నడిపి చూద్దాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి, ఒక్కో దుకాణానికి ఒక్కోలా ఉంటాయి. పద్ధతి మాత్రం అందరికీ ఒకటే.

చీర సగటు ధర 2,500 రూపాయలు. మగ్గం వాళ్ళకు ఇచ్చింది, ప్యాకింగు, కొరియర్ పోగా ఒక చీర మీద 750 మిగులుతుంది. ప్రకటనలకు నెలకు 20 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 3,600. ఫ్రీలాన్సర్ ఫీజు 15 వేలు. మొత్తం ఖర్చు 38,600. ప్రకటన నొక్కితే వాట్సాప్ తెరుచుకునేలా పెట్టారు. ఒక్కో సంభాషణకు 40 రూపాయలు పడిందనుకుంటే నెలకు 500 మంది మాట్లాడారు. ఇరవై మందిలో ఒకరు కొన్నారు. అంటే 25 చీరలు, 62,500 రూపాయల అమ్మకం.

ఇక్కడ రిపోర్టు రాసే విధానం చూడాలి. ప్రకటనలకు పెట్టింది 20 వేలు, వచ్చిన అమ్మకం 62,500. "మూడు రెట్ల రాబడి" అని పెద్ద అక్షరాలతో రాయవచ్చు. అందులో అబద్ధం లేదు. ఈ నిష్పత్తిని ఈ రంగంలో ఆర్‌ఓఏఎస్ అంటారు. కానీ దుకాణానికి మిగిలింది 25 చీరల మీద 750 చొప్పున 18,750. ఖర్చు 38,600. ఆ నెల 19,850 రూపాయల నష్టం. మూడు రెట్లు వచ్చిన నెలలో దాదాపు ఇరవై వేలు పోయాయి. జీఎస్టీ క్రెడిట్ వచ్చే దుకాణానికి 3,600 తగ్గుతుంది, అంతే. ఏ ఏజెన్సీ అయినా మొదటి సమావేశంలో లాభం ఎంత మిగులుతుందని అడగకుండా రాబడి ఎన్ని రెట్లో చెబుతున్నదంటే, ఈ లెక్క వాళ్ళు వేయలేదని అర్థం. ఆ అమ్మాయి మొదటి ప్రశ్న అదే కావడానికి కారణం ఇది.

నష్టం లేకుండా బయటపడాలంటే 52 చీరలు అమ్మాలి. ఎలా? ప్రకటన ఖర్చు పెంచితే సంభాషణలు పెరుగుతాయి కానీ ఖర్చూ పెరుగుతుంది. ఇరవైలో ఒకరికి బదులు పదిలో ఒకరు కొంటే 50 చీరలవుతాయి, ఖర్చు దాదాపు దొరికినట్టే. ఇరవై నుంచి పదికి దిగడం ఏజెన్సీ ఒక్కదాని చేతిలో లేదు. ఫొటోలో ధర కనిపించాలి, అది ప్రకటన చేసేవాళ్ళ పని. మెసేజ్ వచ్చిన పది నిమిషాల్లో జవాబివ్వడం, పగటి వెలుతురులో చీర వీడియో పంపడం, అడిగిన రంగు లేకపోతే దగ్గరి రంగు చూపించడం దుకాణం పని. సంభాషణ ఖర్చు 40 నుంచి 30కి తగ్గించడం మాత్రం నిజంగా ఫ్రీలాన్సర్ నైపుణ్యం. అప్పుడు అదే 20 వేలకు 660 పైచిలుకు మంది మాట్లాడతారు. పదిలో ఒకరు చొప్పున 66 చీరలు, 49,500 మిగులు, ఖర్చులు పోగా పదివేల పైన లాభం. క్యాష్ ఆన్ డెలివరీలో పార్సిళ్ళు వెనక్కి వస్తే ఇందులోంచి కోత పడుతుంది. ఒకసారి కొన్నవాళ్ళు ప్రకటన ఖర్చు లేకుండా మళ్ళీ కొంటే కలుపుకోవచ్చు. చేనేత చీరల వ్యాపారం నిలబడేది ఎక్కువగా ఈ రెండో కొనుగోలు మీదే.

ఈ లెక్క చూశాక "నెలకు 100 ఆర్డర్లు గ్యారంటీ" అన్న మాట ఎందుకు నమ్మకూడదో తెలుస్తుంది. ఆర్డరు రావడానికి కావలసిన వాటిలో సగం ఏజెన్సీ చేతిలో లేవు. చీర నాణ్యత, ధర, వాట్సాప్ జవాబు, పండగ సీజను, పక్క దుకాణం పెట్టిన డిస్కౌంటు, వీటిలో దేనికీ వాళ్ళు హామీ ఇవ్వలేరు.

మొదటి నెల కాకుండా అంకె చెప్పకపోవడానికి సాంకేతికమైన కారణం కూడా ఉంది. మెటా ప్రకటనల వ్యవస్థ మొదట్లో ఎవరికి చూపిస్తే పని జరుగుతుందో వెతుక్కుంటుంది. దాన్ని లెర్నింగ్ ఫేజ్ అంటారు. ఒక్కో యాడ్ సెట్‌కు వారంలో సుమారు 50 ఫలితాలు వస్తే అది కుదుటపడుతుందని మెటా చెబుతుంది. మన ఉదాహరణలో వారానికి 115 సంభాషణలు వస్తాయి కాబట్టి ఒకటి, మహా అయితే రెండు యాడ్ సెట్లకు సరిపోతాయి. ఒక ఏజెన్సీ అదే బడ్జెట్‌ను ఆరు యాడ్ సెట్లుగా చీల్చి, ఆరు రకాల టార్గెటింగ్ చేశామని స్లైడ్లు చూపిస్తే, ఒక్కోదానికి వారానికి ఇరవై కూడా రావు, ఏదీ కుదుటపడదు. చాలా పని చేసినట్టు కనిపిస్తుంది, డబ్బు మాత్రం వెతుకులాటలోనే అయిపోతుంది. "మా 20 వేలతో ఎన్ని యాడ్ సెట్లు నడుపుతారు, ఎందుకు?" అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో ఎదుటివాళ్ళకు పని ఎంత తెలుసో చాలావరకు బయటపడుతుంది.

అలాగని ఏ మాటా ఇవ్వనివాళ్ళను పెట్టుకోమని కాదు. పనికి హామీ ఇవ్వాలి. నెలకు ఎన్ని వీడియోలు, ఎన్ని ఫొటోలు, ఎవరు తీస్తారు, ఎన్ని కొత్త ప్రకటనలు పరీక్షిస్తారు, ఏ రోజు రిపోర్టు ఇస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి. ఫలితాల గురించి చెప్పదగ్గ మాట ఇలా ఉంటుంది: మొదటి నెలలో సంభాషణకు ఎంత పడుతుందో తేలుస్తాం, రెండో నెలలో దాన్ని తగ్గించడానికి ఫలానావి మార్చి చూస్తాం, మూడో నెల చివర ఇది మీకు గిట్టుబాటవుతుందో కాదో అంకెలతో చెబుతాం. కాదని తేలితే మానేయమని చెప్పే ధైర్యం ఉన్నవాళ్ళు దొరికితే వదులుకోకూడదు.

రిపోర్టులో రీచ్, ఇంప్రెషన్లు, లైకులు మాత్రమే ఉంటే అది దుకాణానికి పనికొచ్చే రిపోర్టు కాదు. ఖర్చు, సంభాషణలు, ఒక్కో సంభాషణ ధర, ఆర్డర్లు, వాటి విలువ ఒకే పట్టికలో ఉండాలి. ఆర్డర్ల అంకె దుకాణం తన పుస్తకంలోంచి ఇవ్వాలి, ఏజెన్సీ ఊహించకూడదు. వెబ్‌సైట్ ఉన్నవాళ్ళయితే ఇంకో జాగ్రత్త. ప్రకటనను నొక్కిన ఏడు రోజుల్లో, లేదా నొక్కకుండా చూసిన ఒక రోజులో కొంటే ఆ అమ్మకాన్ని తన ఖాతాలో వేసుకునేలా మెటా లెక్క మామూలుగా పెట్టి ఉంటుంది. ఎలాగూ కొనబోయే పాత కస్టమర్ మధ్యలో ప్రకటన చూసినా అది ప్రకటన ఘనతగానే నమోదవుతుంది. అందుకే యాడ్స్ మేనేజర్ చెప్పే అమ్మకాలతో పాటు, నెల మొత్తం అమ్మకం పోయిన ఏడాది అదే నెలతో పోలిస్తే ఎంత పెరిగిందో కూడా చూడాలి.

పని చేతిలో పెట్టే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు, డబ్బిచ్చే పెట్టాలి. ఒక చీర ఇచ్చి, దాని మీద ఒక పోస్టు, ఒక చిన్న వీడియో చేయమనాలి. చూడాల్సింది అందం ఒక్కటే కాదు. తెలుగు ఎలా ఉందో చూడాలి. ఇంగ్లిష్‌లో రాసి తెలుగులోకి తిప్పిన వాక్యాలు చదివితే ముందు గుర్తుపట్టేది కొనేవాళ్ళే. నిజాం అంచు అంటే ఏమిటి, ఇది మగ్గం మీద నేసిందేనా, పవర్‌లూమ్ చీర కాదని ఎలా చెప్పాలి అని అడిగినవాళ్ళకు వ్యాపారం అర్థమవుతుంది. పవర్‌లూమ్ చీరకు చేనేత అని రాసేసినవాళ్ళు రేపు దుకాణం పేరునే చెడగొడతారు.

ఆ వీడియోకు ఏ పాట పెట్టారో కూడా చూడాలి. కొత్త సినిమా పాట పెడితే రీల్ పరుగెత్తుతుందని చాలామంది అనుకుంటారు. కానీ సినిమా పాటల హక్కులు మ్యూజిక్ కంపెనీలవి. సొంత ఖాతాలో సరదాగా వాడుకునే అనుమతి వ్యాపార ప్రకటనకు వర్తించదు. ఇన్‌స్టాగ్రామ్ బిజినెస్ ఖాతాల్లో చాలా పాటలు కనిపించకపోవడానికి కారణం అదే. ఆ అడ్డంకి దాటడానికి ఖాతాను పర్సనల్‌గానో క్రియేటర్‌గానో మార్చుకోమని సలహా ఇచ్చే ఫ్రీలాన్సర్లున్నారు. నోటీసు వస్తే వచ్చేది దుకాణం పేరు మీదే. వ్యాపారానికి వాడుకోవడానికి మెటా తన సౌండ్ కలెక్షన్‌ను ఉచితంగా ఇస్తుంది, దాన్ని వాడేవాళ్ళకు పద్ధతి తెలుసు. ఇలాగే డబ్బిచ్చి గూగుల్ రివ్యూలు రాయిస్తామనేవాళ్ళనూ దూరం పెట్టాలి. ఆన్‌లైన్ రివ్యూలకు 2022లోనే మన దేశంలో ఐఎస్ 19000 అనే ప్రమాణం వచ్చింది. రివ్యూ రాసింది నిజమైన మనిషేనని సరిచూసుకోవాలని అది చెబుతుంది.

ఏజెన్సీయా, ఫ్రీలాన్సరా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఏజెన్సీలో మాట్లాడేది ఒకరు, పని చేసేది ఇంకొకరు. రోజూ పేజీ చూసే మనిషి ఎవరు, వాళ్ళ చేతిలో ఎన్ని ఖాతాలున్నాయి అని ముందే అడగాలి. ఫ్రీలాన్సర్‌కు జ్వరమొస్తే దసరా ముందు వారం పేజీ ఆగిపోవచ్చు, ఆ వారం ఎవరు చూస్తారో ముందే అనుకోవాలి. 20 వేల ప్రకటనల బడ్జెట్ ఉన్న దుకాణానికి పెద్ద ఏజెన్సీలో పెద్ద మనుషులు దొరకరు. ఆ సంగతి ఒప్పుకునే ఏజెన్సీలు కూడా ఉన్నాయి.

ఒప్పందం ఒక పేజీ చాలు. ఏడాది కట్టుబాటుకు ఒప్పుకోవాల్సిన అవసరం లేదు. మూడు నెలలు పెట్టుకుని, ఎవరైనా 30 రోజుల నోటీసుతో తప్పుకోవచ్చని రాసుకుంటే ఇద్దరికీ న్యాయం. పేజీ, ప్రకటనల ఖాతా, తీసిన ఫొటోలు, వీడియోల ఒరిజినల్ ఫైళ్ళు, మెసేజ్ చేసినవాళ్ళ నంబర్లు దుకాణానివి అని ఒక వాక్యం తప్పకుండా ఉండాలి. విడిపోయే రోజున Business Settings తెరిచి People, Partners రెండు చోట్లా వాళ్ళ పేర్లు తీసేయాలి. ప్రకటనల ఖాతాలో కార్డు దుకాణానిదేనా, ఇన్‌స్టాగ్రామ్‌కు కట్టిన ఈమెయిల్, ఫోన్ నంబరు, రెండో దశ కోడ్ వచ్చే ఫోన్ ఎవరివో చూసుకోవాలి. ఇంకా నడుస్తున్న ప్రకటన ఏదైనా ఉంటే ఆపి, ఆ నెల బిల్లు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి.